తప్పొప్పుల పట్టిక: పంపిన లెక్కను సవరించుకొనే విధానం

పాత పుస్తకాల చివరి పుటలలో "తప్పొప్పుల పట్టిక" అనే శీర్షిక కింద నాలుగు నిలువు వరుసలు కనిపిస్తూ ఉంటాయి: పుట, పంక్తి, తప్పు, ఒప్పు. ఉర్దూ గ్రంథాలలో దీనిని "గలత్ నామా" అంటారు. కొందరు ప్రచురణకర్తలు అదే పట్టికకు "సెహత్ నామా" అని పేరు పెట్టారు. ఒకరు రోగం పేరు చెప్పారు, మరొకరు ఆరోగ్యం పేరు చెప్పారు. లోపలి సరుకు ఒకటే. ఈ చిన్న పట్టికలో ఒక విశేషం ఉన్నది. అది ఒప్పును మాత్రమే చెప్పి ఊరుకోదు. తప్పును కూడా ఎదురుగా అచ్చు వేస్తుంది. ఏ పుటలో, ఏ పంక్తిలో ఉన్నదో వేలు పెట్టి చూపుతుంది. పాఠకుడు కలం తీసుకొని తన ప్రతిలో తానే దిద్దుకోగలుగుతాడు.

ఈనాడు మనం కార్యాలయాలకు పంపే పట్టికలకు చివరి పుట లేదు. మీట నొక్కిన క్షణంలో అవి ఎదుటివారి చేతికి చేరుతున్నాయి. వాటిలో తప్పు ఉన్నదని తెలిసినప్పుడు మనం వ్రాసే సవరణ లేఖే వాటి తప్పొప్పుల పట్టిక. అది ఎట్లా ఉండాలో నా స్వంత పొరపాటు ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. భాషాధ్యాపకుడికి లెక్కల పట్టికతో ఏమి పని అని అడిగే విద్యార్థులు ఉండవచ్చు. మైనారిటీ కళాశాలలలో ఉపాధ్యాయులు తక్కువ, పనులు ఎక్కువ; ఒక సెమిస్టరులో పరీక్ష రుసుము వ్యవహారం నా పాలబడింది.

మా విద్యార్థులు 214 మంది. తలకు రుసుము 850 రూపాయలు. పేర్లు, హాల్ టికెట్ నంబర్లు, రుసుము వరుసగా ఎక్సెల్ పట్టికలో వేసి, చివరి గడిలో మొత్తం కట్టించి, ఒక గురువారం సాయంత్రం 4 గంటల 40 నిమిషాలకు సంబంధిత కార్యాలయానికి ఇ-మెయిల్‌లో జతచేసి పంపాను. లేఖలో మొత్తం రూ. 1,74,250 అని వ్రాశాను. మరునాడు ఉదయం 11 గంటల ప్రాంతంలో మా అకౌంటెంటు బ్యాంకు చలాను వ్రాయబోతూ నా దగ్గరకు వచ్చారు. "సార్, మీ లెక్క మన రసీదు పుస్తకంతో కలవడం లేదు. నా దగ్గర వసూలైనది ఒక లక్షా ఎనభై ఒక్క వేల తొమ్మిది వందలు" అన్నారు.

తేడా 7,650. దానిని 850 చేత భాగిస్తే నిశ్శేషంగా 9 వచ్చింది. ఇది మొదటి ఆధారం. తేడా తలసరి రుసుముకు సరిగ్గా గుణిజమైతే, అంకెలు తారుమారు కాలేదనీ, కొందరు మనుషులు మొత్తంలోకి రాలేదనీ ఊహించవచ్చు. (అంకెలు అటుదిటు వ్రాసినప్పుడు తేడా సాధారణంగా 9 చేత భాగింపబడుతుందని మన పాత గుమాస్తాలకు తెలుసు, 7,650 కూడా 9 చేత భాగింపబడుతుంది కాబట్టి ఆ పరీక్ష ఒక్కటే ఇక్కడ చాలదు.) పట్టికలో చూస్తే 214 పేర్లూ ఉన్నాయి, ప్రతి పేరు ఎదుటా 850 ఉన్నది. మరి మొత్తం ఎందుకు తగ్గింది? ఈ రెండు సూత్రాలు వేరొక గడిలో వ్రాసి చూశాను.

```
=COUNTA(D2:D215)
=COUNT(D2:D215)
```

మొదటిది ఖాళీగా లేని గడులను లెక్కిస్తుంది. 214 అని చెప్పింది. రెండవది సంఖ్యలుగా ఉన్న గడులను మాత్రమే లెక్కిస్తుంది. 205 అని చెప్పింది. అనగా తొమ్మిది గడులలో ఉన్న 850 కంటికి సంఖ్యే గాని, యంత్రానికి అక్షరాలు. ఆలస్యంగా చేరిన తొమ్మిది మంది వివరాలు మరొక పట్టిక నుండి తెచ్చి అతికించినవి. అక్కడ ఆ గడులు అక్షర రూపంలో ఉండినవి. కూడికకు వాడే SUM సూత్రం అక్షరాలను మౌనంగా వదలివేస్తుంది, హెచ్చరిక ఇవ్వదు. సాధారణంగా అక్షరాలు గడిలో ఎడమవైపుకు, సంఖ్యలు కుడివైపుకు జరిగి ఉంటాయి. ఆ తేడా చూసి పసిగట్టవచ్చు. అందంగా ఉంటుందని నేను వరుస అంతటినీ మధ్యకు సర్దాను. ఆ అందమే ఆనవాలును చెరిపివేసింది. గడి మూలలో చిన్న ఆకుపచ్చ త్రికోణం మాత్రం ఉండినది. నేను చూడలేదు.

ఇక్కడ రెండవ తప్పు వెంట్రుకవాసిలో తప్పింది. గడుల రూపాన్ని "అక్షరం" నుండి "సంఖ్య"కు మార్చి, పని అయిపోయిందనుకున్నాను. మొత్తం మారలేదు. రూపం మార్చినంత మాత్రాన లోపలి విలువ మారదు. ఆ గడులలో మళ్లీ అంకె వేయాలి, లేదా త్రికోణం మీద నొక్కి సంఖ్యగా మార్చమని చెప్పాలి. తొందరలో ఆ మొత్తం చూడకుండానే పంపి ఉంటే, "సవరించిన పట్టిక" అనే పేరుతో అదే తప్పు మళ్లీ వెళ్లేది.

ఈ తప్పు ఫలితం చిన్నది కాదు. కార్యాలయంలో మొత్తాన్ని తలసరి రుసుముతో భాగించి విద్యార్థుల సంఖ్యను సరిచూసుకుంటారు. 205 మందికి రుసుము అందిందని వారు భావిస్తే తొమ్మిది మంది హాల్ టికెట్లు నిలిచిపోవచ్చు. ఆ తొమ్మిది మందిలో దూరపు ఊళ్ల నుండి వచ్చి హాస్టలులో ఉన్నవారు ఉన్నారు. రెండవ సంగతి ఇంకా ఇబ్బందికరమైనది. రసీదులు 1,81,900కు ఉండగా, కళాశాల సంతకంతో వెళ్లిన లేఖ 1,74,250 అంటున్నది. మిగిలిన 7,650 ఎవరి జేబులో ఉన్నదని ఆడిటరు అడిగితే, ఆ ప్రశ్న తప్పు కాదు.

మొదట వెళ్లవలసినది ప్రిన్సిపాల్ గారి గదికి, ఎందుకంటే లేఖ మీద సంతకం వారిది. సంగతి విని వారు కొంతసేపు మౌనంగా ఉన్నారు. "వాళ్లు గమనించారా?" అని అడిగారు.

"ఇంకా లేదనుకుంటాను సార్."

"మరయితే సోమవారం కొత్త పట్టిక పంపి, ఇదే సరియైనదని అందామా? ఇంతలో ఎవరూ చూడకపోవచ్చును గదా."

ఇది ప్రతి మనిషికీ వచ్చే ఆలోచనే. నాకు కూడా వచ్చింది. కాని అంకె ఒక చోట నిలిచి ఉండదు. నేను ఫోను చేసేసరికే అది మరొక పట్టికలోకి ఎక్కి ఉండినదని తరువాత తెలిసింది. సవరణ ఆలస్యమైనకొద్దీ దిద్దవలసిన చోట్లు పెరుగుతాయి. అంతేకాక, శుక్రవారం నాడు మనకు తెలిసి ఉండినదనే విషయం దాగదు; చలాను మీద తేదీ ఉంటుంది. ఈ మాట చెప్పగానే ప్రిన్సిపాల్ గారు ఫోను నా వైపు జరిపారు.

పెద్ద సంస్థలలోనూ ఈ మొదటి గంటలలోనే పరువు నిలవడమో పోవడమో జరుగుతుంది. వాతావరణ మార్పులను పరిశీలించే అంతర్జాతీయ సంఘం, ఐ.పి.సి.సి., 2007లో వెలువరించిన నాలుగవ నివేదికలోని ఒక సంపుటంలో, హిమాలయ హిమానీనదాలు 2035 నాటికే అదృశ్యం కావచ్చునని ఒక పేరాలో వచ్చింది. ఆ సంపుటం 938 పుటలు. 2009 నవంబరులో భారత పర్యావరణ మంత్రిత్వ శాఖ వి.కె. రైనా అనే భూగర్భ శాస్త్రవేత్త వ్రాసిన చర్చాపత్రాన్ని ప్రకటించింది. హిమానీనదాలు అసాధారణ వేగంతో తరుగుతున్నాయనడాన్ని ఆయన ప్రశ్నించారు. ఐ.పి.సి.సి. అధ్యక్షులు రాజేంద్ర పచౌరీ ఆ పత్రాన్ని క్షుద్రవిద్య వంటి శాస్త్రమని తీసిపారేశారు. మూడు నెలలైనా గడవకముందే, 2010 జనవరి 20న, 2035 వంటి అంచనాలకు తగిన ఆధారం లేదని ఆ సంఘమే ప్రకటించి విచారం తెలుపవలసి వచ్చింది. రైనా గారి అభిప్రాయాలన్నీ సరియైనవని దీని అర్థం కాదు. హిమానీనదాలు తరుగుతున్నాయనే ప్రధాన నిర్ణయాన్ని సంఘం విడువలేదు, దానికి కారణం కూడా లేదు. కాని ఒక పేరాలోని తప్పు మొత్తం నివేదిక మీద అనుమానంగా మారడానికి ఆ పేరా కంటే నవంబరు నాటి కఠినోక్తి ఎక్కువ దోహదం చేసిందని నా అభిప్రాయం. ఆ తరువాత ఆ సంఘం, తన నివేదికలలో తప్పు కనిపిస్తే ఎవరు, ఏ విధంగా పరిశీలించి సవరించాలో నియమాలు ఏర్పరచుకొన్నది.

మళ్లీ మా గదికి వద్దాం. ఫోనులో కొత్త అంకె చెప్పలేదు. ఇది ముఖ్యమని నమ్ముతాను. "మేడమ్, నిన్న మేము పంపిన పట్టికలో మొత్తం తప్పు. దయచేసి దానిని వాడకండి. పూర్తిగా సరిచూసి ఒంటిగంట లోపల సవరణ పంపుతాను" అన్నాను. తరువాత ఒక ప్రశ్న అడిగాను: "ఆ అంకె ఇప్పటికే ఎక్కడికైనా వెళ్లిందా?" అవతలి సీనియర్ అసిస్టెంటు గారు పట్టిక తెరిచి చూసి, అన్ని కళాశాలల ఉమ్మడి పట్టికలో మా వరుస ఎక్కించానని, అది మూడు గంటలకు పైకి వెళ్లాలని చెప్పారు. తప్పును ఆపడం ఒక పని, ఒప్పును చెప్పడం మరొక పని. మొదటిది నిమిషాలలో జరగాలి. రెండవది నిదానంగా జరగాలి. రెండింటినీ కలిపి ఒకే ఫోనులో ముగించబోయేవారు సాధారణంగా రెండవ తప్పు కూడా చెబుతారు.

ఒక సవరణను ఎవరైనా మన్నిస్తారు. సవరణకు సవరణ పంపితే, మూడవ అంకెను కూడా ఎవరూ నమ్మరు. అందువల్ల దొరికిన తప్పును మాత్రమే దిద్దకుండా పట్టిక మొత్తం మరొక దారిలో సరిచూశాము. నేను పట్టిక చదవలేదు. అకౌంటెంటు గారు రసీదు పుస్తకం చదువుతూ ఉంటే నేను పట్టికలో గుర్తు పెట్టుకొంటూ పోయాను. తప్పు చేసిన కన్ను అదే కాగితం మీద మళ్లీ అదే చదువుతుంది. నలభై నిమిషాలు పట్టింది. ఒకే పేరున్న ఇద్దరు విద్యార్థుల హాల్ టికెట్ నంబర్లు ఒకరివి మరొకరికి పడి ఉండడం అప్పుడే బయటపడింది. దానివల్ల మొత్తం మారదు కాబట్టి రుసుము లెక్క ఎన్నటికీ దానిని పట్టి ఇచ్చేది కాదు.

ఇక లేఖ. నేను వ్రాసిన మొదటి చిత్తు ఇది: "సాంకేతిక కారణముల వలన పట్టికలో పొరపాటు దొర్లినందున సవరించిన పట్టికను జతపరచుచున్నాము. అసౌకర్యమునకు చింతిస్తూ, గమనించగలరని మనవి." కార్యాలయాలలో ఇటువంటి వాక్యాలు వేలకొద్దీ తిరుగుతుంటాయి. తెలుగు బోధించేవాడిగా నేను దీనిని పాఠం చెప్పినట్లు విడదీసి చూశాను. "దొర్లు" అకర్మక క్రియ. రాయి దొర్లినట్లు పొరపాటు తానే దొర్లుకొంటూ వచ్చి పట్టికలో పడింది, తోసినవాడు లేడు. ఉర్దూలో "గల్తీ హో గయీ" కూడా ఇటువంటిదే. అచ్చుతప్పుకు మన పెద్దలు "ముద్రారాక్షసం" అని పేరు పెట్టి, నెపం ఏకంగా ఒక రాక్షసుడి మీదికి నెట్టారు. సంభాషణలో ఇది మర్యాద. తప్పు పట్టవలసిన పని లేదు. సవరణ లేఖలో మాత్రం చదివేవారికి కర్త కావాలి, ఎందుకంటే తప్పు ఎక్కడ పుట్టిందో తెలిస్తేనే అది ఎంతవరకు ప్రాకిందో అంచనా వేయగలరు.

"సాంకేతిక కారణాలు" అన్నది అబద్ధం కూడా. యంత్రం తన నియమం ప్రకారమే కూడింది. పోనీ, ఆ తొమ్మిది వరుసలు అతికించినది నేను కాదు, మా గుమాస్తా. ఆ సంగతి వ్రాయవచ్చునా? అది నిజమే గాని, సరిచూడకుండా పంపినది నేను. కిందివాడి పేరు చెప్పిన లేఖ చదివినవారు గుమాస్తాను గురించి కాక, వ్రాసినవాడిని గురించే ఆలోచిస్తారు. అన్నిటికంటే పెద్ద లోపం, ఆ చిత్తులో అంకె అనేది ఒక్కటీ లేదు. ఏ మొత్తం తప్పు, ఏది ఒప్పు, తేడా ఎంత, మిగిలిన వివరాలు నమ్మవచ్చునా లేదా అన్నది జతచేసిన రెండు పట్టికలూ తెరిచి వారే వెతుక్కోవాలి. చివరకు పంపిన లేఖ ఇది:

"గౌరవనీయులైన సూపరింటెండెంటు గారికి, నిన్న సాయంత్రం 4.40కి నేను పంపిన పరీక్ష రుసుము పట్టికలో మొత్తం తప్పు. దానిని ఉపయోగించవద్దని ఈ ఉదయం ఫోనులో తెలియజేశాను.

తప్పు: రూ. 1,74,250. ఒప్పు: రూ. 1,81,900. తేడా: రూ. 7,650, అనగా 9 మంది విద్యార్థుల రుసుము.

విద్యార్థుల సంఖ్య 214. దీనిలో మార్పు లేదు. ఆ తొమ్మిది మంది పేర్లు ముందు పంపిన పట్టికలోనూ ఉన్నాయి, కాని వారి రుసుము అక్షర రూపంలో ఉన్నందున కూడికలోకి రాలేదు. పంపే ముందు రసీదులతో సరిచూడకపోవడం నా పొరపాటు. ఈ రోజు 214 వరుసలనూ రసీదు పుస్తకంతో పోల్చాము. 63, 64 వరుసలలో హాల్ టికెట్ నంబర్లు తారుమారైనవి. వాటిని కూడా సవరించాము. వేరే మార్పులు లేవు.

మీ ఉమ్మడి పట్టికలో మా కళాశాల వరుసలో మొత్తం ఒక్కటి మార్చితే సరిపోతుంది. చలాను ప్రతి జతచేశాను. కలిగించిన శ్రమకు విచారిస్తున్నాను."

విచారం ఒక్క వాక్యం. అది చివర ఉన్నది, మొదట లేదు. క్షమాపణ పెరిగినకొద్దీ అంకె కిందికి జారిపోతుంది; అవతలి మనిషికి మూడు గంటల లోపల కావలసినది అంకె. "మార్పు లేదు", "వేరే మార్పులు లేవు" అన్న రెండు మాటలు కూడా చిన్నవి కావు. ఒక తప్పు ఒప్పుకొన్నవాడి పట్టికలో మిగతా వరుసలు ఏమైనట్లు అనే సందేహం సహజం. ఆ మాట చెప్పే హక్కు, నలభై నిమిషాలు సరిచూసిన తరువాతే వచ్చింది. చలాను ప్రతి జతచేయడం వల్ల వారు నా మాట నమ్మనక్కరలేదు. బ్యాంకు మాట నమ్మవచ్చు.

పంపడంలోనూ కొన్ని మెలకువలు ఉన్నాయి. జీమెయిల్‌లో పంపిన లేఖను వెనక్కు తీసుకొనే సదుపాయం ఎక్కువలో ఎక్కువ 30 సెకండ్లు. మనం మార్చుకోకపోతే 5 సెకండ్లే. అది దాటితే లేఖ అవతలివారిది. సవరణను కొత్త లేఖగా కాక, మొదటి లేఖకే జవాబుగా, మొదటిది ఎవరెవరికి వెళ్లిందో అందరికీ పంపాలి. శీర్షిక మార్చితే జీమెయిల్ దానిని వేరే సంభాషణగా విడదీస్తుంది. అప్పుడు తప్పు ఒక చోట, ఒప్పు మరొక చోట మిగులుతాయి. పాత లేఖను "ఫార్వర్డ్" చేయరాదు. జవాబు ఇచ్చినప్పుడు పాత అటాచ్‌మెంటు వెంట రాదు గాని, ఫార్వర్డ్ చేస్తే వస్తుంది. తప్పు పట్టిక మళ్లీ ప్రయాణమవుతుంది. రెండు పట్టికలకూ ఒకే పేరు ఉండకూడదు. కొత్తదాని పేరు చివర తేదీని, సవరణ అనే మాటను చేర్చాను. పాతదానిని చెరపలేదు, ఎందుకంటే ఆడిటులో అడిగేది అదే.

అంకె తప్పు కాక, పట్టికే వేరొకటి వెళ్లినప్పుడు సంగతి మారుతుంది. రుసుము పట్టికకు బదులు విద్యార్థుల ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు ఉన్న పట్టిక వెళ్లిందనుకొందాం. అక్కడ ఒప్పు పట్టిక పంపడం రెండవ పని. అందినవారిని ఇన్‌బాక్సు నుండి, చెత్తబుట్ట నుండి, దింపుకొన్న చోటి నుండి తొలగించమని కోరి, తొలగించినట్లు వ్రాతలో తీసుకోవాలి. ఎవరి వివరాలు వెళ్లాయో ఆ విద్యార్థులకు చెప్పాలి. అంతా చెరిగిపోయిందని మాత్రం వారికి హామీ ఇవ్వరాదు. అది మన చేతిలో లేదు.

మా లేఖ 12.30కు వెళ్లింది. రెండు గంటలకు సీనియర్ అసిస్టెంటు గారు ఫోను చేసి వరుస మార్చానని చెప్పారు. తొమ్మిది మంది హాల్ టికెట్లు మిగిలినవారితో పాటే వచ్చాయి. అప్పటి నుండి ప్రతి పట్టిక అడుగున ఒక గడి చేర్చాను. పైన చెప్పిన రెండు లెక్కల మధ్య తేడా అందులో కనిపిస్తుంది. సున్న కాకపోతే పట్టిక పంపను.

```
=COUNTA(D2:D215)-COUNT(D2:D215)
```

మరుసటి సెమిస్టరు పట్టిక పంపిన అరగంటకు ఆమె నుండే ఫోను వచ్చింది. "సార్, పోయినసారి అడుగున సున్న గడి పెడతామన్నారు, ఈ పట్టికలో కనిపించడం లేదే?" అన్నారు. చూసుకొంటే ముద్రణకు అడ్డం వచ్చిందని ఆ వరుసను దాచి, మళ్లీ తెరవడం మరచిపోయాను. తెరిచి చూశాను, సున్నే ఉన్నది. ఆ వరుస కనిపించేటట్లు పట్టికను మళ్లీ పంపి, మొత్తంలో మార్పు లేదని పైన ఒక వాక్యం వ్రాశాను.